‘బావా’ని ఇంగ్లీషులో ఏమంటారు?

మా మేనల్లుడు ఒక ఆదివారం మధ్యాహ్నం నాలుగు కాగితాలు పట్టుకుని మా ఇంటికొచ్చాడు. చిన్నప్పటి నుంచీ వాడికి తోడుగా తిరిగిన స్నేహితుడి పెళ్లి. పెళ్లికొడుకుది తెనాలి, పెళ్లికూతురిది మహారాష్ట్రలోని సాతారా. ఇద్దరూ పుణేలో ఒకే ఆఫీసులో పనిచేస్తారు. ముహూర్తానికి ముందురోజు రాత్రి రెండు వైపుల వాళ్లూ కలిసి భోంచేస్తారు. అక్కడ స్నేహితుడి తరఫున వీడు మాట్లాడాలి.

“మావయ్యా, తెలుగులోనే మాట్లాడమని పెళ్లికొడుకు అమ్మగారు గట్టిగా చెప్పారు. కానీ ఎనభై మంది సాతారా నుంచి వస్తున్నారు. అందుకని ప్రతి తెలుగు వాక్యం కిందా ఇంగ్లీషు రాశాను. ఒకసారి చూడు” అన్నాడు.

“చూడటం ఎందుకురా, పైకి చదువు. నేను వింటాను” అన్నాను.

చదివాడు. తొమ్మిది నిమిషాలు పట్టింది. మూడో నిమిషానికే మా ఆవిడ లేచి వంటింట్లోకి వెళ్లిపోయింది. అలా వెళ్లిపోవడమే ఆ ప్రసంగానికి మొదటి సమీక్ష. మాటలు బాగానే ఉన్నాయి, ఇంగ్లీషులోనూ తప్పుల్లేవు. తప్పు వరసలో ఉంది. తెలుగులో ఒక హాస్యం చెప్పి, నవ్వు ఇంకా ఆగకముందే అదే హాస్యాన్ని ఇంగ్లీషులో అప్పజెబుతున్నాడు. తెలుగువాళ్లకు విన్నదే మళ్లీ వినాల్సి వస్తోంది. సాతారా వాళ్లకేమో అందరూ నవ్వేశాక మిగిలింది అందుతోంది. రెండు బంతుల వాళ్లకూ చల్లారిన వంటే వడ్డించినట్టు.

ఇలాంటి మాటలను ఇప్పుడు టోస్ట్ అంటున్నారు. వైన్‌లో మసాలా పట్టించి కాల్చిన రొట్టెముక్క వేసుకుని తాగడం ఒకప్పుడు ఇంగ్లండులో అలవాటు. ఎవరి పేరు చెప్పి తాగుతారో ఆ మనిషినే టోస్ట్ అనడం అక్కడి నుంచి వచ్చింది. మన పెళ్లిలో ఆ వైనూ లేదు, రొట్టే లేదు. అయితే పెళ్లిలో స్నేహితుడు నాలుగు మాటలు చెప్పడం మనకు కొత్తేమీ కాదు. ఒక తరం కిందటిదాకా మిత్రులు పంచరత్నాలు రాయించేవారు. ఉత్పలమాలో, సీసమో, తేటగీతో అయిదు పద్యాలు, వాటిలో వధూవరుల పేర్లు పొదిగి, రంగు కాగితం మీద అచ్చు వేయించి, పందిట్లో రాగయుక్తంగా చదివి, అందరికీ పంచేవారు. అడుగున ‘ఇట్లు, మిత్రబృందం’ అని ఉండేది. పటం కట్టించిన ఆ కాగితాలు కొన్ని ఇళ్ల గోడల మీద ఇప్పటికీ కనిపిస్తాయి. ఎకసెక్కానికీ కొదవ లేదు. వియ్యపురాళ్లను ఆటపట్టించే పాటలు బంతి భోజనాల దగ్గర పాడేవాళ్లే. పొగడ్త పద్యంలో ఉండేది, వేళాకోళం పాటలో ఉండేది. ఈ రెండింటినీ వచనంలో ఒకచోట కలిపితే ఇప్పటి స్నేహితుడి ప్రసంగం అవుతుంది.

దీనికి సమయం ఎప్పుడన్నది మా వాడి పెద్దలు సరిగ్గానే చూశారు. ముహూర్తం వేళ గట్టిమేళం మోగుతుంటే మైకు పట్టుకున్నవాడి మాట పక్కనున్న పురోహితుడికి కూడా వినబడదు. రిసెప్షన్‌లో వధూవరులు నిలబడే ఉంటారు. అతిథులు వరసలో వచ్చి అక్షింతలు వేసి, కవరు ఇచ్చి, ఫోటో దిగి భోజనాలకు వెళ్లిపోతారు. ఆ వరసను ఆపి మాట్లాడితే వినేవాళ్ల చూపు వడ్డన వైపే ఉంటుంది. ముందురోజు రాత్రి అలా కాదు. అందరూ కూర్చుని ఉంటారు, తొందర ఉండదు. అప్పుడు కూడా నాలుగు నిమిషాలకు మించకూడదు. మా వాడి చేత చదివించి ఫోన్‌లో లెక్క చూస్తే, నవ్వులకు ఆగే క్షణాలతో కలిపి, సుమారు మూడు వందల తెలుగు మాటలకు ఆ నాలుగు నిమిషాలు సరిపోయాయి.

సరే, రెండు భాషల సంగతి. వాడికి నేను చెప్పింది ఒకటే. ఇంగ్లీషు వాక్యం తెలుగు వాక్యానికి నీడ కాకూడదు. దాని పని దానికుండాలి. అలా ఉందో లేదో చూసుకోవడానికి ఒక దారి ఉంది. కాగితం మీద ఇంగ్లీషు వాక్యాలన్నీ కొట్టేసి చదివితే తెలుగు ఎక్కడా తెగకూడదు. తెలుగంతా కొట్టేసి ఇంగ్లీషు మాత్రమే చదివితే అది కూడా ఒక బుల్లి కథగా నిలబడాలి. మొదటి పరీక్ష మా వాడి కాగితం నెగ్గింది. రెండోదానిలో పూర్తిగా తప్పింది. అక్కడ మిగిలినవి ముప్పై అనువాద వాక్యాలు.

అనువాదం ఎందుకు పేలవంగా ఉంటుందో వాడి కాగితంలోనే దొరికింది. వాడు రాసిన మంచి వాక్యం ఒకటుంది: “నాకు అక్కచెల్లెళ్లు లేరు. వీణ్ణి పదహారేళ్లుగా బావా అంటున్నాను. ఎవరి మొగుడని అన్నానో నాకే తెలియదు. ఇవాళ తెలిసింది.” తెలుగులో క్రియ చివర వస్తుంది కాబట్టి ముడి ఆ ‘తెలిసింది’ దగ్గర విడుతుంది. నవ్వూ అక్కడే పుడుతుంది. దీన్ని వాడు ఇంగ్లీషులోకి ఉన్నదున్నట్టు దించాడు: “ఐ డిడ్ నాట్ నో హూజ్ హస్బెండ్ హీ వాజ్. టుడే ఐ నో.” ఇది విన్న సాతారా పెద్దలకు పెళ్లికొడుక్కి ఇదివరకే పెళ్లయిందేమోనన్న అనుమానం రావడానికి అన్ని అవకాశాలూ ఉన్నాయి.

పైగా ‘బావా’ని వాడు “మై బ్రదర్ ఇన్ లా” అని రాశాడు. ఆ మాట వింటే ఇంగ్లీషులో బంధుత్వమే తెలుస్తుంది, స్నేహం తెలియదు. తెనాలిలో ఇద్దరు కుర్రాళ్లు బావా అని పిలుచుకుంటే వాళ్ల మధ్య చుట్టరికం ఉందని ఎవరూ అనుకోరు. చనువుకు అదొక వరస. బావను ఆటపట్టించవచ్చు, అతనితో పోట్లాడవచ్చు, అతని కంచంలోంచి లాక్కుని తినవచ్చు. అన్నదమ్ముల వరసలో ఉండే బరువు అందులో ఉండదు. ఇదంతా ఒక ఇంగ్లీషు మాటలో పట్టదు. పట్టదని తెలిశాక చేయాల్సింది, ఆ మాటను అలాగే ఉంచి అతిథులకు నేర్పడం. తెలియని భాషలో ఒక మాట నేర్చుకున్నవాళ్లు ఆ పెళ్లిలో ఆ తర్వాత ఎక్కడ అది వినబడినా తల తిప్పి చూస్తారు.

ఇంకో చిక్కు ఉంది. బయటి ప్రాంతం వాళ్లంటే అందరికీ ఇంగ్లీషు వస్తుందనుకోవడం. పెళ్లికూతురి అన్నకూ, ఆఫీసు స్నేహితులకూ వస్తుంది. నాయనమ్మకు రాదు. “ఆ పెద్దావిడ నీ నాలుగు నిమిషాలూ ఏం చేస్తుంది?” అని అడిగాను. వాడి దగ్గర జవాబు లేదు. ఫోన్ తీసి పెళ్లికూతురి అన్నకు చేశాడు. ఒకే ఒక్క మరాఠీ వాక్యం అడిగి రాసుకుని, పలకడం తప్పకుండా ఉండాలని అతని గొంతుతో రికార్డు చేసి పంపమన్నాడు. ఆ మాటల్లోనే రెండు సంగతులు తెలిశాయి. మనం అక్షింతలు అనేవాటిని వాళ్లు అక్షత అంటారు. మంగళాష్టకాలు పాడుతుంటే వధూవరుల మీద అక్షతలు వేస్తారు. జీలకర్ర బెల్లం పెట్టేదాకా మనం పట్టే తెర వాళ్లకూ ఉంది, పేరు అంతర్‌పాట్. ఇలా రెండు ఇళ్లకూ ఉమ్మడిగా ఉన్న మాట దొరికితే, అక్కడ ఇంగ్లీషుతో పనే లేదు.

వారం తర్వాత తిరగరాసి తెచ్చాడు. అందులో ఇంగ్లీషు మూడే చోట్ల ఉంది. ఇది వాడి చివరి కాగితం:

“పెద్దలందరికీ నమస్కారం. నేను పెళ్లికొడుక్కి అన్ననీ కాదు, తమ్ముణ్ణీ కాదు. ఆరో తరగతిలో మాస్టారు నన్ను వీడి పక్కన కూర్చోమన్నారు. లెమ్మని మళ్లీ ఎవరూ చెప్పలేదు.

ఫ్రెండ్స్ ఫ్రమ్ సాతారా, వెల్కమ్. ఐ విల్ స్పీక్ ఇన్ తెలుగు, బికాజ్ ఐ లై బెటర్ ఇన్ ఇంగ్లిష్. వెన్ దే లాఫ్, లుక్ ఎట్ ద గ్రూమ్స్ ఫేస్. దట్ ఈజ్ ద ట్రాన్స్‌లేషన్.

ఏడో తరగతిలో వీడు నా సైకిల్ అడిగాడు. సాయంత్రం ఇచ్చేస్తానన్నాడు. ఏ సాయంత్రమో చెప్పలేదు. అయిదేళ్లు అడిగాను. ఇంటర్ రెండో సంవత్సరం పరీక్షలప్పుడు మా నాన్న ఆసుపత్రిలో పదకొండు రోజులు ఉన్నారు. రోజూ రాత్రి తొమ్మిదింటికి వీడు క్యారియర్ తెచ్చేవాడు. నన్ను చదువుకోమని ఇంటికి పంపించి, తెల్లారేదాకా నాన్న మంచం పక్కన కూర్చునేవాడు. వచ్చేది ఆ సైకిల్ మీదే. పన్నెండో రోజు నుంచి నేను సైకిల్ అడగడం మానేశాను.

ఇక పెళ్లికూతురు. తను మొదటిసారి తెనాలి వచ్చినప్పుడు దారి పొడుగునా ఒక తెలుగు వాక్యం బట్టీ పట్టింది. రైలు దిగేసరికి తెల్లవారుజాము. మా ఇంటికి వచ్చేసరికి ఆరయింది. గుమ్మంలో మా అమ్మను చూసి, ‘భోజనం చేశారా అండీ?’ అని అడిగింది. మా అమ్మ అప్పటికి కాఫీ కూడా తాగలేదు. ‘చేశానమ్మా’ అంది. అబద్ధమంటే మండిపడే మా అమ్మ, ఆ పిల్ల కష్టపడి నేర్చుకున్న ఒక్క వాక్యం వృథా పోకూడదని ఆ పూట అబద్ధమాడింది.

షీ స్పోక్ వన్ సెంటెన్స్ ఆఫ్ తెలుగు టు మై మదర్. ఎట్ సిక్స్ ఇన్ ద మార్నింగ్, షీ ఆస్క్‌డ్, హావ్ యు హాడ్ లంచ్. మై మదర్ సెడ్ యెస్.

వీణ్ణి నేను పదహారేళ్లుగా బావా అంటున్నాను. నాకు అక్కచెల్లెళ్లు లేరు. ఎవరి మొగుడని అన్నానో నాకే తెలియదు. ఇవాళ తెలిసింది. చెల్లెమ్మా, వీడు నీ దగ్గర ఏదైనా తీసుకుని సాయంత్రం ఇస్తానంటే, ఏ సాయంత్రమో అడుగు.

బావా. యు విల్ హియర్ దిస్ వర్డ్ టుమారో. ఇట్ మీన్స్, మై సిస్టర్స్ హస్బెండ్. ఐ హావ్ కాల్డ్ హిమ్ బావా ఫర్ సిక్స్‌టీన్ ఇయర్స్. ఐ హాడ్ నో సిస్టర్. వి వర్ బోత్ వెయిటింగ్ ఫర్ హర్.

ఆజీ, తుమ్చీ నాత్ ఆతా మాఝీ బహీణ్ ఆహే.

నేను వయసులో చిన్నవాణ్ణి, దీవించే అర్హత లేదు. దీవించే చేతులు ఇక్కడ చాలా ఉన్నాయి. రేపు పొద్దున అంతర్‌పాట్ తీయగానే మీరు అక్షత అన్నా, మేం అక్షింతలు అన్నా, ఆ చేతులన్నీ ఒక్కసారే లేవాలి. నమస్కారం.”

ఇందులో వాడు ఏం చేశాడో కొంచెం నిదానంగా చూద్దాం. మొదటి ఇంగ్లీషు ముక్క క్షమాపణ కాదు. ‘తెలుగు రానివాళ్లు ఏమీ అనుకోవద్దు’ అని మొదలుపెడితే ఆ ఎనభై మందీ ఆ క్షణం నుంచి పరాయివాళ్లు అయిపోతారు. వాడు వాళ్లకు ఒక పని అప్పగించాడు. నవ్వు వినబడినప్పుడల్లా పెళ్లికొడుకు మొహం చూడమన్నాడు. దాంతో తర్వాతి తెలుగు భాగమంతా వాళ్లకు మాట అర్థం కాకపోయినా చూడటానికి ఒక ఆట దొరికింది.

సైకిల్ కథకు ఇంగ్లీషు లేదు. ఉండాలా వద్దా అని మేమిద్దరం చాలాసేపు వాదించుకున్నాం. అది రాసినవాడికి గుండెకాయ లాంటి భాగం, వదలడం కష్టం. కానీ ఆసుపత్రి రాత్రులను రెండోసారి, అదీ క్లుప్తంగా చెబితే బరువు పోయి సమాచారం మిగులుతుంది. అక్కడ హాలు నిశ్శబ్దమవుతుంది. ఆ నిశ్శబ్దం ఏ భాష వాళ్లకైనా తెలుస్తుంది. దానిమీద ఇంకో వాక్యం పెట్టకూడదు. అందుకే ఆ వాక్యం అయ్యాక కాగితం మీద మా వాడు ఒక అడ్డగీత గీసుకున్నాడు. అక్కడ మూడు అంకెలు మనసులో లెక్కపెట్టుకుని గానీ ముందుకు వెళ్లకూడదని గుర్తు.

భోజనం సంగతికి ఇంగ్లీషు ఉంది, ఎందుకంటే ఆ కథ వాళ్ల అమ్మాయిది. తమ పిల్ల కొత్త ఊళ్లో ఎలా నెగ్గుకొచ్చిందో వినాలని వాళ్లకు ఉంటుంది. అయితే తెలుగులో ఉన్న కాఫీ, అబద్ధం, మండిపడటం ఇవేవీ ఇంగ్లీషులోకి రాలేదు. ‘మై మదర్ సెడ్ యెస్’ దగ్గర ఆగిపోయాడు. ఆ తల్లి ఎందుకు అవునందో సాతారా తల్లులకు విప్పి చెప్పక్కర్లేదు.

పిలుపుల విషయంలో వాడు మరింత జాగ్రత్తపడ్డాడు. మొదటి కాగితంలో ‘వరుడు గారు’ అని రాశాడు. పదహారేళ్లు బావా అన్నవాడు మైకు ముందు గారు అంటే వినేవాళ్లకు అది ఎగతాళిగానే తోస్తుంది. చిన్ననాటి స్నేహితుడు కాబట్టి ‘వీడు’ అనడంలో తప్పు లేదు. అమ్మాయి విషయం వేరు. తెలుగువాళ్లు వింటున్నారు గనక తనకు మర్యాద తగ్గకూడదు. కాబట్టి పెళ్లికూతురు, తను అంటూ వచ్చాడు. ‘చెల్లెమ్మా’ అన్న పిలుపును మాత్రం చివరిదాకా దాచాడు. మొదట్లోనే వాడేస్తే బావ ముడి ముందే విడిపోయేది. ఇంగ్లీషులో వీడు, వారు, తను అన్నీ హీ, షీ అయిపోతాయి కాబట్టి ఈ దాపరికం తెలుగులోనే సాధ్యం. ఇంగ్లీషులో దానికి బదులుగా ‘హర్’ అన్న మాటను వాక్యం చిట్టచివర పెట్టాడు. తెలుగులో క్రియ చేసిన పనిని అక్కడ ఆ మాట చేసింది.

ముగింపులో గ్లాసు ఎత్తమనలేదు. అది మద్యం లేని ఇల్లు. మజ్జిగ గ్లాసులు ఎత్తించడం మరీ నాటకంలా ఉంటుంది. అంతకంటే పెద్ద అడ్డంకి ఇంకోటి ఉంది. మన ఇళ్లల్లో చిన్నవాడు దీవెన ఇవ్వడు, పెద్దల్ని అడుగుతాడు. అది తెలిసే ఆ చివరి మాటలు రాశాడు. అంతర్‌పాట్, అక్షత అన్న రెండు మాటలు చెవిన పడితే చాలు, ఆ ముగింపు దేని గురించో సాతారా పెద్దలకు తెలుగు రాకపోయినా అంది తీరుతుంది.

మిగిలింది పలకడం. ఫోన్ చూసి చదవొద్దన్నాను. వాక్యం మధ్యలో తెర ఆరిపోతే మళ్లీ వెలిగించి చోటు వెతుక్కునేలోపు నవ్వు చల్లారిపోతుంది. అరచేతిలో పట్టే మూడు అట్టముక్కల మీద పెద్ద అక్షరాల్లో రాసుకున్నాడు. తెలుగు నలుపు సిరాలో, ఇంగ్లీషు నీలంలో, మరాఠీ ఎర్రగా. రంగు మారిన చోటల్లా ఊపిరి పీల్చుకుని ఏ వైపు బల్లల దగ్గర ఎవరున్నారో అటు తిరగాలని గుర్తు. తెలుగు వాక్యం మధ్యలో ఇంగ్లీషులోకి దూకకుండా, ఒక వాక్యం పూర్తయ్యాకే మారాలని రెండుసార్లు చెప్పాను. సగంలో మారితే రెండు వైపుల వాళ్లకూ సగం సగమే అందుతుంది.

ఆ రాత్రి నేను వెనక బల్ల దగ్గర కూర్చున్నాను. అన్నీ అనుకున్నట్టు జరగలేదు. మైకు మొదటి వాక్యంలో కీచుమంది. ‘లై బెటర్’ అన్నది సగం మందికి వినబడలేదు. భోజనం కథకు తెలుగువాళ్లు నవ్వుతుండగానే వాడు తొందరపడి ఇంగ్లీషులోకి వెళ్లాడు. మొదటి ముక్క ఆ సందట్లో పోయింది. ఆగి, మళ్లీ చెప్పాడు. సైకిల్ దగ్గర మాత్రం గీత గీసుకున్న చోట కచ్చితంగా ఆగాడు. వాడు ఆగడం కాదు, అక్కడ వాడికి గొంతు రాలేదని నాకు తర్వాత తెలిసింది.

మరాఠీ వాక్యం ‘మాఝీ’ దగ్గర తడబడింది. ముందు వరసలో కూర్చున్న నాయనమ్మ గారు అక్కడి నుంచే దిద్దారు. వాడు ఆవిడ వెంట మళ్లీ పలికాడు. అప్పుడు పక్కనున్న మనవణ్ణి ఆవిడ ఏదో అడిగారు. అతను చెవిలో చెప్పాడు.

మర్నాడు పొద్దున తెర తీసి, అక్షింతలు పడి, మేళం తగ్గాక అందరూ ఫలహారాలకు కదులుతున్నారు. ఆవిడ కర్ర పట్టుకుని మా మేనల్లుడి దగ్గరికి వచ్చారు. పెళ్లికొడుకు వైపు వేలు చూపించి, మా వాడి మొహంలోకి చూస్తూ, జాగ్రత్తగా, ఒక్కో అక్షరం పట్టి, “బా-వా?” అని అడిగారు.

మా వాడు తలూపాడు.